ముక్కు దిబ్బడ, సైనస్ బరువు: ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఎలా, వైద్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన అక్టోబరు నుంచి సంక్రాంతి వెళ్లేదాకా రొంప పట్టని ఇల్లు తక్కువ. వచ్చిన రొంప కొందరిలో నాలుగు రోజులకే పోతుంది. మరికొందరిలో ముక్కు పూర్తిగా దిబ్బడ వేసి, బుగ్గ ఎముకల్లోనూ కనుబొమల మధ్యా బరువు పెరిగి, ముందుకు వంగితే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. ఈ దశలో ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో కాస్తయినా రుజువున్నది శుభ్రమైన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. దాన్ని సరిగా చేస్తే ఉపశమనం దొరుకుతుంది, నీటి విషయంలో అజాగ్రత్తగా చేస్తే కొత్త ప్రమాదం వస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం నీరు, ఉప్పు, కడిగే తీరు గురించే ఉంటుంది.

ముందుగా ఆ బరువు ఎందుకు వస్తుందో తెలుసుకుంటే చేసే పనికి అర్థం తెలుస్తుంది. బుగ్గల వెనుక, నొసటి వెనుక, రెండు కళ్ల మధ్య, ఇంకా లోపల ముక్కు వెనుక భాగంలో గాలితో నిండిన బోలు గదులు ఉంటాయి, వీటినే సైనస్‌లు అంటారు. వాటిలో ఊరే పలుచని జిగురు సన్నని ద్వారాల గుండా ముక్కులోకి దిగుతుంది. రొంప పట్టినప్పుడు ముక్కు లోపలి పొర వాచి ఆ ద్వారాలు మూసుకుపోతాయి. అప్పుడు జిగురు లోపలే నిలిచి, లోపలి గాలి ఒత్తిడి మారి నొప్పి పుడుతుంది. బుగ్గ గదికి ద్వారం అడుగున కాక పై భాగంలో ఉంటుంది కాబట్టి, నిలబడినప్పుడు అందులోని జిగురు దానంతట అది కిందికి కారిపోదు. బరువు ఒకే బుగ్గలో ఉంటే ఆ వైపు పైకి ఉండేలా రెండో వైపుకు తిరిగి, తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటే కొంత తేలికపడటానికి కారణం ఇదే.

ఆవిరి: ఎంతవరకు

మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది ఆవిరి. వావిలాకు వేసి, పసుపు వేసి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం పెద్దలు చెప్పిన పద్ధతి. దానివల్ల కాసేపు హాయిగా ఉంటుంది, గట్టిపడిన చీమిడి కొంత మెత్తబడుతుంది. అంతకు మించి జబ్బు త్వరగా తగ్గుతుందని ఆశించడానికి ఆధారాలు లేవు. బ్రిటన్‌లో తరచూ సైనస్ బాధపడేవారి మీద జరిగి 2016లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలనలో ముక్కు కడుక్కున్నవారికి కొంత మేలు కనిపించింది, ఆవిరి పట్టినవారిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. కాబట్టి హాయి కోసం పట్టదలచుకుంటే పట్టండి, అదే మందని మాత్రం అనుకోకండి.

పట్టేటప్పుడు మరిగే గిన్నెను పొయ్యి మీద ఉంచి గానీ, ఒళ్లో పెట్టుకుని గానీ ఎప్పుడూ పట్టకూడదు. నీళ్లు మరిగాక దించి, కదలని బల్ల మీద పెట్టి, రెండు నిమిషాలు ఆగి, గిన్నెకు మూరెడు ఎడంగా ముఖం ఉంచి ఐదు నుంచి పది నిమిషాలు పడితే చాలు. ముఖం చురుక్కుమంటే మరీ దగ్గరగా ఉన్నట్టే. చిన్నపిల్లలకు ఆవిరి పట్టించకండి, ఎందుకంటే గిన్నె ఒలికి తొడలూ పొట్టా కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. ఆ నీళ్లలో ముద్దకర్పూరం, నొప్పి బామ్ కలపడం కూడా మానాలి. కర్పూరం పిల్లల కడుపులోకి పోతే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. బామ్‌లోని మెంథాల్ ముక్కు తెరుచుకున్నట్టు చల్లటి అనుభూతిని ఇస్తుంది గానీ నిజానికి గాలి వెళ్లే దారిని పెద్దగా వెడల్పు చేయదు. ముక్కులో ఆముదం, నూనె చుక్కలు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి ఒక రకం న్యుమోనియాకు దారి తీయగలదు కాబట్టి దాన్ని పూర్తిగా వదిలేయాలి.

నీరు: ఇక్కడే జాగ్రత్త అంతా

తాగడానికి పనికొచ్చే నీరు ముక్కులోకి పంపడానికి పనికిరాకపోవచ్చు. మింగిన నీటిలోని సూక్ష్మజీవులను కడుపులోని ఆమ్లం చాలా వరకు చంపుతుంది, ముక్కులో అలాంటి కాపలా లేదు. వెచ్చని మంచినీటిలో ఉండే నెగ్లేరియా అనే అమీబా మింగితే ఏమీ చేయదు, ముక్కులోకి పోతే వాసన నరం వెంట మెదడుకు చేరుతుంది. ఇది చాలా అరుదు, కానీ వచ్చినవారిలో దాదాపు అందరూ చనిపోతారు. ఇలా ముక్కు దారిన మెదడుకు చేరే అమీబా జబ్బులు 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో వరసగా బయటపడ్డ సంగతి పత్రికలు చదివినవారికి తెలుసు. మన ఎండలకు మేడ మీది ట్యాంకులో నీరు ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు.

కనుక కుళాయి నీరు, బోరు నీరు, చెరువు నీరు ఏదీ నేరుగా వాడకూడదు. మెట్ట మండలాల్లో ఫ్లోరైడ్ భయంతో, తీరప్రాంతాల్లో బోర్లు ఉప్పుబారినందువల్ల, చాలా ఇళ్లలో ప్లాంటు నుంచి తెచ్చిన ఇరవై లీటర్ల క్యాను నీళ్లే తాగుతున్నారు. ఆ నీళ్లు లవణాల విషయంలో మంచివే అయినా, శుద్ధి అయ్యాక ట్యాంకులోనూ క్యానులోనూ నిలవ ఉంటాయి, క్యాను ఎంత శుభ్రంగా కడిగారో మనకు తెలియదు. అందువల్ల క్యాను నీళ్లయినా, ఇంట్లో ఆర్‌ఓ యంత్రం నీళ్లయినా మరిగించే వాడాలి. క్యాను నీళ్లే మరిగించడం వల్ల ఒక లాభం ఉంది. ఉప్పదనం ఉన్న బోరు నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, అప్పుడు మీరు వేసే ఉప్పు లెక్క తప్పుతుంది.

నీరు పెద్ద బుడగలతో తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వండి. తర్వాత అదే గిన్నెలో మూతపెట్టి గోరువెచ్చన అయ్యేదాకా చల్లారనివ్వండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ: మరిగించిన నీళ్లు బాగా వేడిగా ఉన్నాయని, స్నానానికి కలుపుకున్నట్టు, చెంబుడు కుళాయి నీళ్లు కలిపేస్తారు. దాంతో మరిగించిన ఫలితం అంతా పోతుంది. తొందర ఉంటే గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచి చల్లార్చవచ్చు. మిగిలిన నీటిని మరగబెట్టిన సీసాలో మూత బిగించి ఉంచి, ఇరవై నాలుగు గంటల్లోపే వాడాలి.

ఉప్పు: ఎంత, ఏది

శరీరంలోని ద్రవాల గాఢతకు సరిపోవాలంటే లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పు ఉండాలి. అర లీటరు నీటికి నాలుగున్నర గ్రాములు, అంటే సిరప్ సీసాతో వచ్చే ఐదు మిల్లీలీటర్ల కొలత చెంచాతో సుమారు ముప్పావు చెంచా మెత్తని ఉప్పు. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో పరిమాణంలో ఉంటాయి కాబట్టి మందు చెంచానే వాడండి, పైభాగాన్ని కత్తి అంచుతో సమం చేయండి. దీనికి పావు చెంచా తినే సోడా కలిపితే మంట తగ్గుతుంది. కలిపిన నీరు నాలుక మీద కన్నీటి అంత ఉప్పగా ఉండాలి. ఉప్పు వేయని నీరు కూడా ముక్కులో మండుతుందని చాలామందికి తెలియదు. మండగానే ఉప్పు ఎక్కువైందనుకుని ఇంకాస్త నీరు పోస్తే మంట పెరుగుతుందే తప్ప తగ్గదు, ముందు రుచి చూసి నిర్ణయించుకోండి.

మామూలు అయోడిన్ ఉప్పు ప్రమాదకరం కాదు గానీ, కొందరికి అయోడిన్ వల్ల, ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పదార్థాల వల్ల ముక్కు కొంచెం చురుక్కుమంటుంది. దానికి బదులు ఇస్కపల్లి వంటి ఉప్పుమడుల నుంచి వచ్చిన రాళ్ల ఉప్పు ‘సహజం’ కదా అని వాడవద్దు. కూరకు అది భేషుగ్గా ఉంటుంది గానీ, అందులో సన్నని మట్టి, ఇతర లవణాలు ఉంటాయి, పలుకుల సైజు వల్ల చెంచా కొలత కూడా సరిపోదు. అన్నిటికన్నా సులువైనది మందుల దుకాణంలో ముక్కు కడిగే సీసాతో పాటు దొరికే కొలిచిన పొట్లాలు. అవీ దొరకని ఊళ్లో 0.9 శాతం సోడియం క్లోరైడ్ అని రాసి ఉన్న సెలైన్ సీసా అడిగి, తెరిచిన రోజే వాడి మిగిలింది పారబోయవచ్చు. సీసాలన్నిటినీ గ్లూకోజ్ సీసాలనే పిలవడం మనకు అలవాటు కాబట్టి, లేబుల్ మీద డెక్స్ట్రోజ్ అని ఉన్నది పొరపాటున తెచ్చుకోకండి.

కడిగే తీరు

చేతులు సబ్బుతో కడుక్కుని, పిండితే నీరు వచ్చే 200 నుంచి 250 మిల్లీలీటర్ల సీసాలో గోరువెచ్చని ఉప్పునీరు నింపండి. యోగా నేర్చుకున్నవారి దగ్గర ఉండే జలనేతి చెంబు అయినా సరిపోతుంది. సింకు మీదికి నడుము నుంచి వంగి, తలను కొద్దిగా ఒక పక్కకు తిప్పండి. గడ్డం పైకెత్తకండి, తల వెనక్కి వాల్చకండి. నోరు తెరిచి నోటితోనే ఊపిరి పీలుస్తూ, పైవైపున్న ముక్కు రంధ్రానికి సీసా మొన ఆనించి మెల్లగా నొక్కండి. ఆ సమయంలో ‘ఆ...’ అని సన్నగా శబ్దం చేస్తూ ఉంటే గొంతులోకి జారే నీరు తగ్గుతుంది. కొద్ది క్షణాల్లో రెండో రంధ్రం గుండా నీరు బయటికి వస్తుంది. సగం సీసా అయ్యాక రెండో వైపు చేయండి.

తర్వాత ఇంకాస్త వంగి తల అటూ ఇటూ తిప్పితే లోపల మిగిలిన నీరు కారిపోతుంది. ఇప్పుడు ముక్కు చీదడంలో ఓర్పు అవసరం. రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదితే నీరూ జిగురూ చెవి గొట్టంలోకి తోసుకుపోయి చెవి నొప్పి మొదలవుతుంది. ఒక్కో వైపే, మెల్లగా చీదండి. కడుగుతుండగానే చెవి మూసుకుపోయినట్టు అనిపిస్తే సీసాను గట్టిగా పిండుతున్నారని అర్థం.

రెండో వైపు నుంచి నీరు అసలు రాకపోతే బలవంతం చేయకూడదు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంది కాబట్టి ముందు వేడినీళ్ల స్నానం చేసి గానీ, కాసేపు ఆవిరి పట్టి గానీ మళ్లీ ప్రయత్నించండి. రొంప ఉన్నన్నాళ్లు రోజుకు రెండుసార్లు చాలు. పడుకునే ముందు కడిగితే మిగిలిన నీరు పడకలో గొంతులోకి దిగి దగ్గు వస్తుంది, కనీసం గంట ముందే ముగించండి. సీసాను ప్రతిసారీ సబ్బుతో కడిగి, మరగబెట్టిన నీటితో తొలిచి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి, మూడు నెలలకోసారి మార్చాలి.

ఈ నీరు బుగ్గ గదుల లోపలికి పెద్దగా వెళ్లదు. అది చేసే పని ముక్కులోని జిగురును, ధూళిని కడిగేసి, గదుల ద్వారాల దగ్గర అడ్డు తగ్గించడం. ఇటీవల ముక్కుకు, చెవికి శస్త్రచికిత్స జరిగినవారు, తలకు దెబ్బ తగిలినవారు, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, చిన్నపిల్లలు వైద్యుడు చెప్పకుండా ఇది చేయకూడదు.

చుక్కల మందు, మాత్రలు

జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు వేసిన ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అదే వాటితో చిక్కు. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువగా మూసుకుపోతుంది, మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. నెలల తరబడి దిండు కింద ఆ సీసా పెట్టుకుని పడుకునేవారిని ముక్కు వైద్యులు తరచూ చూస్తుంటారు. రక్తపోటు ఉన్నవారు ఈ చుక్కలే కాదు, ఫెనైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలు కూడా అడగకుండా వాడరాదు. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఒకే సమయంలో జలుబు మాత్ర కూడా వేసుకుంటుంటే అందులోనూ పారాసిటమాల్ ఉంటుందని గమనించండి.

రోజులు లెక్కపెట్టడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే నలభై ఏళ్ల వ్యక్తికి సోమవారం రొంప మొదలైందనుకోండి. బుధవారానికి ముక్కు దిబ్బడ, బుగ్గల్లో బరువు, కొద్దిగా జ్వరం ఉన్నాయి. శుక్రవారం చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగుకు మారింది. చుట్టూ ఉన్నవాళ్లు చీము పట్టిందని చెప్పి, దుకాణంలో అజిత్రోమైసిన్ మూడు మాత్రలు తీసుకోమంటారు. ఇది సాధారణంగా జరిగే పొరపాటు. వైరస్ వల్ల వచ్చిన రొంపలో కూడా నాలుగైదు రోజులకు, పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాల వల్ల, చీమిడి రంగు మారుతుంది. రంగు ఒక్కటే చూసి యాంటీబయాటిక్ అవసరమని చెప్పలేం. వైరస్‌తో వచ్చే సైనస్ బాధలో నూటికి రెండు కన్నా ఎక్కువ కేసులు బాక్టీరియా వ్యాధిగా మారవు.

ఇక్కడ నుంచి కథ రెండు దారుల్లో నడవవచ్చు. ఆయన రోజుకు రెండుసార్లు ముక్కు కడుక్కుంటూ, పనిలో మాస్కు పెట్టుకుంటూ ఉండగా ఆదివారానికి బరువు సగం తగ్గి, తర్వాతి బుధవారానికి దగ్గు మాత్రమే మిగిలితే, ఏ యాంటీబయాటిక్ అక్కర్లేదు. రెండో దారిలో, శనివారానికి తేలికపడిన మనిషికి మంగళవారం మళ్లీ 101 డిగ్రీల జ్వరం వచ్చి, కుడి బుగ్గలోనూ కుడివైపు పై పళ్లలోనూ నొప్పి పెరుగుతుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం బాక్టీరియా చేరిందనడానికి గట్టి గుర్తు, అప్పుడు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

తగ్గుముఖం అనేదే లేకుండా పది రోజులు దాటినా అదే గుర్తు. మొదటి నుంచే 102 డిగ్రీలకు పైబడిన జ్వరంతో, చిక్కటి చీమిడి లేదా ముఖం నొప్పితో వరసగా మూడు నాలుగు రోజులు గడిచినా అంతే. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటే వైద్యుడు సాధారణంగా అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మందును ఐదు నుంచి ఏడు రోజులు రాస్తారు. పెన్సిలిన్ పడనివారు ముందే ఆ సంగతి చెప్పాలి. ఇలాంటప్పుడు ఎక్స్‌రే వల్ల పెద్దగా తెలిసేది లేదు, వైరస్ రొంపలో కూడా అందులో గదులు మసకగానే కనిపిస్తాయి.

ముక్కు కారకుండా, దిబ్బడ లేకుండా, నెలకు రెండు మూడు సార్లు నొసటి నొప్పి వచ్చి, వెలుతురు చూడలేక, వికారంగా ఉంటుంటే అది చాలావరకు మైగ్రేన్. దానికి ఎన్ని ఆవిర్లు పట్టినా ఉపయోగం ఉండదు.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు

కంటి చుట్టూ వాపు, ఎర్రదనం, కన్ను ముందుకు పొడుచుకు రావడం, వస్తువులు రెండుగా కనిపించడం, చూపు మసకబారడం వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. నొసటి మీద మెత్తని వాపు, భరించలేని తలనొప్పితో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, మత్తు, మూర్ఛ కూడా అంతే. సైనస్ గదికీ కంటికీ మధ్య ఉన్న ఎముక కాగితంలా పలుచన, చీము దాన్ని దాటడానికి ఒక్కోసారి గంటలు చాలు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేసి, ఒంగోలు లేదా నెల్లూరులోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి.

మధుమేహం అదుపులో లేనివారు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు పైన చెప్పిన రోజుల లెక్కలోకి రారు. వాళ్లకు ఒకవైపు ముఖం నొప్పి, బుగ్గ తిమ్మిరి, ముక్కులోంచి నల్లటి పొక్కులు, అంగిట్లో నల్ల మచ్చ, పై పళ్లు కదలడం వంటివి మొదలైతే అది మ్యూకర్ శిలీంధ్రం కావచ్చు. 2021లో కోవిడ్ రెండో అల తర్వాత దీన్ని ఎందరిలోనో చూశాం. వీరు పది రోజులు ఆగకూడదు, ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఒకే వైపు నుంచి దుర్వాసనతో చీమిడి వస్తుంటే ముక్కు వైద్యుడితో పాటు పంటి వైద్యుడికీ చూపించండి. పై దవడ పళ్ల వేర్లు బుగ్గ గది అడుగున ఉంటాయి, పుచ్చిన పన్ను నుంచే చీము లోపలికి చేరి ఉండవచ్చు, పన్ను బాగయ్యేదాకా ఏ మందూ నిలవదు. పిల్లల్లో అయితే ముక్కులో గింజో, పూసో ఇరుక్కుందేమో చూడాలి.

దిబ్బడ, చిక్కటి చీమిడి, వాసన తెలియకపోవడం పన్నెండు వారాలు దాటితే అది దీర్ఘకాలిక సైనసైటిస్. పొగాకు బ్యారన్ల దగ్గర, గ్రానైట్ ధూళిలో పనిచేసేవారిలో తుమ్ములు, దురద కూడా ఉంటే అలర్జీ తోడై ఉండవచ్చు. అప్పుడు వైద్యుడు సన్నని గొట్టం కెమెరాతో లోపల పొరను, పాలిప్‌లు అనే మెత్తని కండ పెరుగుదలలను చూసి, అవసరమైతే సీటీ తీయిస్తారు. చికిత్సలో మొదటి భాగం రోజూ ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే వాడటం. కడిగిన పావుగంట తర్వాత స్ప్రే కొట్టుకోవాలి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమ చేత్తో కుడి రంధ్రంలోకి, మొనను నడిమి గోడ వైపు కాక కంటి బయటి కొన వైపు తిప్పి. గోడ మీద పడితే ముక్కు నుంచి రక్తం వస్తుంది. దాని ఫలితం తెలియడానికి రెండు వారాలు పట్టవచ్చు, నాలుగు రోజులకే ఆపేసి పనిచేయలేదని చెప్పేవారే ఎక్కువ. ఇవి సరిగా వాడినా తగ్గకపోతేనే ఎండోస్కోపీతో గదుల ద్వారాలను వెడల్పు చేసే శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది. అది అయ్యాక కూడా ఉప్పునీటితో కడుక్కోవడం కొనసాగించాలి, ద్వారాలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి అప్పుడు నీరు, మందు గదుల లోపలికి బాగా చేరతాయి.